గుండె ఈక కంటే తేలికగా ఉండాలా? ఈజిప్ట్ తూనిక దృశ్యంలో త్రాసు, ఈక, అమ్మిట్

ప్రశ్న: హైదరాబాద్ మ్యూజియంలో మమ్మీని చూసినప్పటి నుంచి ఈజిప్ట్ వీడియోలు వరసగా చూస్తున్నాను. చనిపోయినవాడి గుండెను ఈకతో తూస్తారట, బరువు ఎక్కువైతే ఒక రాక్షసి తినేస్తుందట. గుండె ఈక కంటే తేలికగా ఎలా ఉంటుంది? ఆ త్రాసు, ఆ రాక్షసి దేనికి గుర్తు? ఇది మన చిత్రగుప్తుడి చిట్టా లాంటిదేనా? పుణ్యం చేయకపోయినా డబ్బున్నవాళ్లు మంత్రాలతో తప్పించుకునేవాళ్లని కూడా ఒక చోట విన్నాను, నిజమేనా?

సమాధానం:

ముందు ఆ "తేలిక" సంగతి చూద్దాం, మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. వీడియోల్లో చెప్పేది ఒకటి, పాపిరస్ బొమ్మల్లో కనిపించేది ఇంకొకటి. బొమ్మల్లో త్రాసు రెండు పళ్లేలూ ఒకే మట్టంలో ఉంటాయి. గుండె ఉన్న పళ్లెం పైకి లేచి ఉండదు, కిందికి దిగీ ఉండదు. పరీక్షలో నెగ్గడమంటే ఈకతో సరితూగడం. ఈజిప్ట్ వాళ్లు అడిగింది సమతూకం. తేలికదనం మనం తర్వాత చేర్చుకున్న ఊహ.

ఒక బొమ్మను ఎదురుగా పెట్టుకుంటే ఇది బాగా అర్థమవుతుంది. ఆనీ అనే అధికారి పాపిరస్‌ను తీసుకుందాం. క్రీ.పూ. 1250 ప్రాంతంలో తీబ్స్‌లో తయారైన చుట్ట ఇది. 1888లో వాలిస్ బడ్జ్ దీన్ని బ్రిటిష్ మ్యూజియానికి సంపాదించాడు. దాదాపు 24 మీటర్ల పొడవున్న చుట్టను 37 ముక్కలుగా కోసేశారు. మూడో ముక్క మీద ఉన్నదే మీరు వీడియోల్లో పదేపదే చూసే బొమ్మ. ఆనీ ఉద్యోగం ఏమిటో గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది: దేవుళ్లందరికీ వచ్చే నైవేద్యాల లెక్కలు రాసే లేఖకుడు, ధాన్యాగారాల మీద అజమాయిషీ కూడా ఉండేది. అంటే కొలతలు, తూనికల మధ్య బతికిన మనిషి.

బొమ్మలో ఎడమ పక్క నుంచి ఆనీ, అతని భార్య తుతు వంగి నడిచి వస్తున్నారు. మధ్యలో నిలువెత్తు త్రాసు. ఎడమ పళ్లెంలో గుండె, చిన్న కూజా ఆకారంలో ఉంటుంది. కుడి పళ్లెంలో ఉష్ట్రపక్షి ఈక ఒక్కటి. త్రాసు కింద నక్క తల ఉన్న అనుబిస్ మోకాలి మీద కూర్చుని తూకం సరిచూస్తున్నాడు. త్రాసు కొన మీద ఒక కోతి, అది లేఖకుల దేవుడు థోత్‌కి సంబంధించిన జంతువు. కుడి వైపు కొంగజాతి పక్షి తల ఉన్న థోత్ స్వయంగా కలం, పలక పట్టుకుని ఫలితం రాసుకుంటున్నాడు. అతని వెనక అమ్మిట్, మీరు రాక్షసి అన్న జంతువు. పైన వరసగా పన్నెండు మంది దేవతలు సభ తీరి ఉన్నారు.

ఇప్పుడు అనుబిస్ చేతిని చూడండి. అతని చెయ్యి పళ్లేల దగ్గర లేదు, త్రాసు మధ్యలో ఉంది. ఈజిప్ట్ వాళ్ల నిలువు త్రాసులో దూలం మధ్య నుంచి ఒక దారం, దాని చివర బరువు వేలాడుతుంటాయి. మేస్త్రీలు గోడ నిటారుగా ఉందా లేదా అని చూసే గుండుదారం లాంటిదే అది. దూలానికి అడ్డంగా బిగించిన ముల్లు ఆ దారంతో కలిసి ఒకే గీతలో నిలిచిందంటే దూలం మట్టంగా ఉన్నట్టు. కంటికి పళ్లేలు సమానంగా అనిపించినా దారం పక్కకు జరిగితే తూకం చెల్లదు. అలాగే దారం ఊగుతున్నంతసేపూ చదివే ఫలితం కూడా చెల్లదు. అందుకే అనుబిస్ ఆ గుండును నిలబెట్టి చూస్తున్నాడు. పాపిరస్ గీసినవాడు బజారులో, ఖజానాలో రోజూ జరిగే తూకాన్ని చూసి ఉన్నది ఉన్నట్టు గీశాడు.

తీబ్స్ సమాధుల గోడల మీద బంగారం తూచే చిత్రాలు కూడా ఉన్నాయి. ఒక పళ్లెంలో బంగారు కడియాలు, ఇంకో పళ్లెంలో తూకం రాళ్లు, పక్కనే రాసుకునే లేఖకుడు. అప్పటి ప్రామాణిక తూకం దెబెన్, ఇప్పటి లెక్కలో సుమారు 91 గ్రాములు. తూకం రాళ్లలో కొన్నింటిని ఎద్దు, హిప్పో లాంటి జంతువుల ఆకారంలో చేసేవాళ్లు. ఈ చిత్రాలను తీర్పు బొమ్మ పక్కన పెడితే ఈక సంగతి విడిపోతుంది. బంగారం ఉన్న చోట గుండె ఉంది, తూకం రాయి ఉండే చోట ఈక ఉంది. అంటే ఈక ఇక్కడ పడికట్టు రాయి. దాన్ని ఎంచుకున్నది తేలికదనం కోసం కాదు, అది సత్యదేవత మాఅత్ గుర్తు గనక. కొన్ని పాపిరస్‌లలో ఈకకు బదులు ఆ పళ్లెంలో తల మీద ఈక పెట్టుకున్న చిన్న మాఅత్ బొమ్మే కూర్చుని ఉంటుంది. ఈక బరువు మీద లెక్కలు వేసేవాళ్లు ఆ బొమ్మలను ఒకసారి చూడాలి. దేవత ఆకారంలో ఉన్న దాని కంటే గుండె తేలికగా ఉండాలనే మాట అప్పుడు అతకదు.

మాఅత్ సూర్యదేవుడు రా కూతురు. సత్యం, న్యాయం, లోకం ఒక పద్ధతిలో నడవడం, నైలు వేళకు పొంగడం, రాజు బలహీనుణ్ని కాపాడటం, వ్యాపారి సరిగా తూచడం అన్నీ ఆమె కిందికే వస్తాయి. దేవాలయాల గోడల మీద రాజు అరచేతిలో చిన్న మాఅత్ బొమ్మను పెట్టి దేవుళ్లకు సమర్పిస్తూ కనిపిస్తాడు. నేను రాజ్యాన్ని పద్ధతిగా నడుపుతున్నాను అని చూపడం అది. రాజు దేవుడి ముందు ఇచ్చుకునే లెక్కనే మామూలు మనిషి చనిపోయాక త్రాసు ముందు ఇచ్చుకుంటాడు.

ఇందులో దైనందిన తూకం ఎంత లోతుగా కలిసిపోయిందో "మృతుల గ్రంథం" అని మనం పిలిచే మంత్రాల సంపుటిలో 125వ అధ్యాయం చదివితే తెలుస్తుంది. రెండు సత్యాల మందిరంలో, 42 మంది న్యాయమూర్తుల ముందు, చనిపోయినవాడు తాను చేయని తప్పులు ఒక్కొక్కటే చెబుతాడు. చంపలేదు, దొంగతనం చేయలేదు అన్నవాటితో పాటు ఇవీ ఉంటాయి: ధాన్యం కొలత తగ్గించలేదు, పొలం కొలతలో మోసం చేయలేదు, త్రాసు బరువుకు ఏమీ కలపలేదు, త్రాసు గుండును తప్పించలేదు. పారే నీటికి అడ్డుకట్ట వేయలేదు, పసిబిడ్డల నోటి దగ్గర పాలు లాగేయలేదు అని కూడా ఉంటుంది. నదీ తీరంలో వ్యవసాయం చేసుకునే సమాజం దేనికి భయపడిందో, దేన్ని క్షమించరాని తప్పు అనుకుందో ఈ జాబితాలో కనిపిస్తుంది. బతికి ఉండగా త్రాసును మోసం చేసినవాడు చివరికి త్రాసు ముందే నిలబడాలి. ఈ మాటలు చదివిన ప్రతిసారీ నాకు ఆ బొమ్మలో అనుబిస్ చేతి వేళ్లే గుర్తొస్తాయి.

ఇది తీర్పు బొమ్మలకు ముందే ఉన్న ఆలోచన. మధ్య రాజ్యకాలపు కథ ఒకటి ఉంది, "మాటకారి రైతు" అంటారు. ఖునానుప్ అనే రైతు గాడిదలను నెమ్తినఖ్త్ అనే చిన్న అధికారి లాగేసుకుంటాడు. రైతు పై అధికారి రెన్సీ దగ్గరికి వెళ్లి తొమ్మిదిసార్లు మొరపెట్టుకుంటాడు. అందులో రెన్సీని నేరుగా త్రాసుతో పోలుస్తాడు: నీ నాలుక త్రాసు గుండు, నీ గుండె తూకం రాయి, నీ రెండు పెదవులు దూలం చేతులు, త్రాసే ఒరిగిపోతే ఇక ఎవరు సరిచేస్తారు అంటాడు. ఇక్కడ గమనించండి, తూకానికి లోనయ్యేది గుండె కాదు, తూచేదే గుండె. న్యాయం చెప్పేవాడి గుండె తూకం రాయి అంత కచ్చితంగా ఉండాలి. కొన్ని వందల ఏళ్ల తర్వాత, క్రీ.పూ. 15వ శతాబ్దం నుంచి, పాపిరస్‌ల మీద తూనిక బొమ్మ కనిపించడం మొదలైనప్పుడు అదే గుండె ఎదుటి పళ్లెంలోకి వచ్చి కూర్చుంది. రాయి ఎంత ఉందో గుండె కూడా అంతే ఉందా అని చూస్తున్నారు. ఇలా చదివితే సమతూకం ఎందుకో తెలుస్తుంది: మనిషి లోపలి కొలత, లోకం కొలత రెండూ ఒకటేనా కాదా అన్నది అక్కడ తేలుతుంది.

ఇక గుండె. ఈజిప్ట్ వాళ్ల దృష్టిలో ఆలోచన, జ్ఞాపకం, ఉద్దేశం అన్నీ గుండెలోనే ఉంటాయి. మమ్మీ చేసేటప్పుడు మెదడును ముక్కు ద్వారా తీసి పారేసేవాళ్లు. కాలేయం, ఊపిరితిత్తులు, కడుపు, పేగులను తీసి నాలుగు జాడీల్లో భద్రం చేసేవాళ్లు. గుండెను మాత్రం శరీరంలోనే ఉంచాలన్నది పద్ధతి. అన్ని మమ్మీల్లోనూ ఇది జరగలేదని స్కాన్లలో తెలిసింది కానీ పద్ధతి మాత్రం అదే. ఎందుకంటే ఆ సభలో గుండె లేకుండా మనిషి హాజరైనట్టు కాదు. మనిషి చేసినదంతా దగ్గరుండి చూసిన సాక్షి అది. నోరు ఎన్ని తప్పులు చేయలేదని చెప్పినా, గుండె ఒప్పుకోకపోతే త్రాసు ఒరుగుతుంది. నోటి మాటనూ గుండెనూ పక్కపక్కన పెట్టి చూడటమే ఈ తూకం చేసే పని.

ఇక్కడే మీ నాలుగో ప్రశ్న వస్తుంది, మంత్రాలతో తప్పించుకోవడం. సాక్షి ఎదురు తిరుగుతాడేమోనన్న టెన్షన్ వాళ్లకు నిజంగా ఉంది. దాని కోసం మృతుల గ్రంథంలో 30బి అనే మంత్రం ఉంది. నా తల్లి నుంచి వచ్చిన నా గుండె అని రెండుసార్లు పిలిచి, నాకు వ్యతిరేకంగా సాక్షిగా లేవకు, సభలో నన్ను ఎదిరించకు, త్రాసు చూసేవాడి ముందు నాకు శత్రువు కాకు అని బతిమాలతాడు మనిషి. దీన్ని ఆకుపచ్చ రాయితో చేసిన పేడపురుగు ఆకారపు తాయెత్తు మీద చెక్కి, బంగారంలో పొదిగి, మమ్మీ మీద పెట్టేవాళ్లు. 17వ రాజవంశపు రాజు సొబెకెమ్‌సాఫ్ పేరున్న అలాంటి తాయెత్తు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆకుపచ్చ జాస్పర్ రాయి, బంగారు పీఠం, పురుగుకి మనిషి ముఖం. ఆనీ పాపిరస్‌లో కూడా త్రాసు బొమ్మ పక్కన రాసి ఉన్నది ఈ 30బి మంత్రమే. పైన చెప్పిన తప్పుల జాబితా ఆ చుట్టలో చాలా దూరం వెళ్లాక వస్తుంది. వీడియోల్లో రెండింటినీ కలిపి ఒకే సన్నివేశంగా చెప్పేస్తారు.

మరి ఇది సాక్షికి లంచం ఇవ్వడం కాదా? అనుమానించడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇలాంటి చుట్టలను ముందే రాసి పెట్టి, పేరు చోటు ఖాళీగా వదిలేసి, కొనుక్కున్నవాడి పేరు తర్వాత చేర్చేవాళ్లు. ఆనీ చుట్టలోనే కొన్ని భాగాల్లో పేరు తర్వాత వేరే చేతితో రాసినట్టు తెలుస్తుంది. అందులో తీర్పు ముందే రాసి ఉంది. ఇతని గుండె తూకంలో సత్యంగా తేలింది, దేవాలయాల నైవేద్యాలు తగ్గించలేదు, చేసిపెట్టిన దాన్ని పాడు చేయలేదు, భూమి మీద ఉండగా మోసపు మాటలు మాట్లాడలేదు అని థోత్ అంటాడు. నైవేద్యాల లెక్కలు రాసిన ఉద్యోగికి ఈ మొదటి వాక్యం ఎంత సూటిగా తగులుతుందో చూడండి, నిజానికి ఇది అందరికీ రాసే వాక్యమే అయినా. దేవతల సభ దానికి ఒప్పుకుని, అమ్మిట్‌కి ఇతని మీద అధికారం ఇవ్వవద్దు, మృతుల లోకాన్ని ఏలే దేవుడు ఒసైరిస్ ముందుండే నైవేద్యాల్లో భాగం, నైవేద్యాల పొలంలో కొంత భూమి ఇవ్వండి అంటుంది.

నా అభిప్రాయం చెబుతాను. దీన్ని ఉత్త మోసం అనుకుంటే వాళ్లను తప్పుగా చదివినట్టే. రాసినది, గీసినది నిజమవుతుందని నమ్మిన జనం వాళ్లు. ఓడిపోయే బొమ్మ గీస్తే ఓటమినే కోరి తెచ్చుకున్నట్టు. అందుకే నేను చూసిన పాపిరస్‌లలో త్రాసు ఓటమి వైపు ఒరిగినది, అమ్మిట్ గుండెను నములుతున్నది ఒక్కటీ లేదు. పైగా, సాక్షిని బతిమాలే మంత్రం కావాల్సి వచ్చిందంటేనే సాక్షి నిజం చెబుతాడన్న నమ్మకం ఎంత గట్టిదో తెలుస్తోంది. అయితే డబ్బున్నవాడికి మంచి చుట్ట, మంచి తాయెత్తు దొరికేవన్నది కూడా నిజం. ఆ అన్యాయం ఈజిప్ట్ వాళ్లకే కనిపించింది, దాని మీద వాళ్లే ఒక కథ చెప్పుకున్నారు. దాని దగ్గరికి చివర్లో వద్దాం.

త్రాసు చుట్టూ ఉన్న చిన్న పాత్రలను వీడియోలు దాదాపు ఎప్పుడూ వదిలేస్తాయి. నాకు మాత్రం ఈ బొమ్మలో అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే. ఆనీ గుండె ఉన్న పళ్లెం కింద షాయ్ అనే దేవుడు నిలబడి ఉంటాడు, మనిషికి కేటాయించిన ఆయుష్షు, రాత అతని చేతిలోవి. అతని వెనక ఇద్దరు దేవతలు. ఒకరు రెనెనూతెత్, బిడ్డకు పాలిచ్చి పెంచే దేవత. ఇంకొకరు మెస్ఖెనెత్, పురుడు పోసే దేవత. షాయ్ పైన మనిషి తల ఉన్న ఒక ఇటుక తేలుతూ కనిపిస్తుంది. ఈజిప్ట్ స్త్రీలు ఇటుకల మీద గొంతుకు కూర్చుని ప్రసవించేవాళ్లు, ఇది ఆ ఇటుక. పక్కనే ఆనీ ఆత్మ మనిషి తల ఉన్న పక్షి రూపంలో వాలి ఉంటుంది.

చావు తర్వాత జరిగే విచారణలో మంత్రసాని ఎందుకు? మొదటి కారణం, పుట్టిననాటి రాతను దగ్గర పెట్టుకుని చేసిన పనిని చూడటం, అంటే ఇతనికి ఏం ఇచ్చారు, ఇతను దాన్ని ఏం చేశాడు అని. రెండో కారణం నాకు ఇంకా బలంగా అనిపిస్తుంది: ఇది రెండో పురుడు. తూకంలో నిలిచినవాడు ఒసైరిస్ లోకంలో మళ్లీ పుడతాడు. 30బి మంత్రం గుండెను "నా తల్లి నుంచి వచ్చిన" అని పిలవడం కూడా ఇక్కడ కలుస్తుంది. తల్లి కడుపులో మొదలైన గుండె ఇంకో పుట్టుకకు తగినదా అని చూస్తున్నారు.

ఈ మాట మనసులో పెట్టుకుని అమ్మిట్‌ను చూడండి. హునెఫెర్ అనే ఇంకో లేఖకుడి పాపిరస్‌లో ఆమె గురించి ఒక చిన్న వివరణ ఉంది: ముందు భాగం మొసలి, వెనక భాగం హిప్పో, నడుమ సింహం. ఇవి కల్పిత జంతువులు కావు. నది ఒడ్డున నీళ్లకు వెళ్లినవాణ్ని మొసలి లాగేసేది, రెల్లు పడవను హిప్పో తిరగేసేది, ఎడారి అంచున సింహం తిరిగేది. నైలు లోయలో మనిషి శరీరం దొరక్కుండా పోయే దారులన్నీ కలిపి ఒక్క జంతువుగా చేశారు. శరీరం దొరక్కపోవడమంటే మమ్మీ లేదు, సమాధి లేదు, నైవేద్యం లేదు, పేరు పలికేవాడు లేడు. ఈజిప్ట్ మనిషికి అంతకు మించిన భయం లేదు.

అమ్మిట్‌ను దుష్టశక్తి అనుకోవద్దు. ఆమె ఎవరినీ వెంటాడదు, ప్రలోభపెట్టదు, బొమ్మలో తీర్పు వచ్చేదాకా కదలకుండా ఉంటుంది. ఆమెకు గుడి లేదు, పూజలు లేవు. మాఅత్‌తో సరితూగని దాన్ని లోకంలోంచి తీసేయడం ఆమె పని. అందుకే ఆమె స్థానం సరిగ్గా లేఖకుడు థోత్ దగ్గర, నమోదైన తీర్పుకి ఆనుకుని ఉంటుంది.

ఇంకో విషయం. ఈజిప్ట్ ఇళ్లలో గర్భిణులను, పసిబిడ్డలను కాపాడే దేవత ఒకామె ఉంది, తవెరెత్. ఆమెది హిప్పో శరీరం, సింహం పంజాలు, మొసలి వీపు. అవే మూడు జంతువులు. పుట్టే బిడ్డ దగ్గరికి చెడు రాకుండా తవెరెత్ నిలబడుతుంది. రెండో పుట్టుక దగ్గర, తగనిది దాటిపోకుండా అమ్మిట్ కూర్చుంటుంది. ఇద్దరినీ ఎవరో కావాలని జంటగా కల్పించారని నేను అనను. కానీ మంత్రసాని దేవత, పురుటి ఇటుక ఉన్న బొమ్మలోనే ఈ మూడు జంతువులూ కనిపించడం చూసిన ఈజిప్ట్ మనిషికి తన ఇంట్లోని తవెరెత్ గుర్తుకు రాకుండా ఉంటుందని నేను అనుకోను.

అమ్మిట్ గుండెను తింటే ఏమవుతుంది? నరకయాతన అని చాలామంది రాస్తారు. ఆమె విషయంలో అది సరికాదు. సాక్షి, జ్ఞాపకం, ఉద్దేశం అన్నీ పోతే మనిషి ఇక లేనట్టే. మృతుల గ్రంథంలో "రెండోసారి చావకుండా ఉండటానికి" అని విడిగా మంత్రాలున్నాయి, 44వది అలాంటిదే. మొదటి చావు శరీరానిది, రెండోది పూర్తిగా లేకుండా పోవడం. రాజుల సమాధుల్లోని పాతాళ గ్రంథాల్లో మాత్రం రా శత్రువులకు అగ్నిగుండాలు, నరికివేతలు కనిపిస్తాయి. ఆ గ్రంథాలు వేరే వరస, వాటిని ఈ బొమ్మతో కలిపేయకూడదు.

చిత్రగుప్తుడి మాటకొస్తే, థోత్ కొంత దగ్గరే: ఇద్దరూ లేఖకులు, చావు తర్వాత సభలో రాసుకుని కూర్చునేవాళ్లు. తేడా ఏమిటంటే చిత్రగుప్తుడి దగ్గర జీవితకాలపు చిట్టా ఉంటుంది, పాపపుణ్యాలను బట్టి యముడు తర్వాతి గతి నిర్ణయిస్తాడు. థోత్ ఆ క్షణంలో త్రాసు చూపించినది రాస్తాడు. చిట్టా అంతా గుండెలోనే ఉంది. మళ్లీ భూమి మీద ఇంకో జన్మ ఎత్తి సరిచేసుకునే అవకాశం అక్కడ లేదు. మన ధర్మశాస్త్రాల్లో త్రాసు కనిపించేది వేరే చోట, నిందితుణ్ని పరీక్షించే దివ్యాల్లో. యాజ్ఞవల్క్య స్మృతిలో చెప్పిన తులాదివ్యంలో నిందితుణ్ని త్రాసులో తూచి దించి, త్రాసును ప్రార్థించి, మళ్లీ తూస్తారు. పైకి లేస్తే నిర్దోషి, కిందికి దిగితే దోషి. అక్కడ తేలిక నిజంగానే మంచిది. బహుశా పాపం బరువు, పుణ్యం తేలిక అనే మన అలవాటు వల్లనే ఈజిప్ట్ బొమ్మను కూడా మనం అలా చదివేస్తాం.

ఇప్పుడు చెబుతానన్న కథ. క్రీ.శ. 1వ శతాబ్దపు పాపిరస్ మీద దెమోటిక్ అనే చివరి కాలపు ఈజిప్ట్ లిపిలో రాసి ఉంది, అదీ బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది. సెత్నే అనే రాకుమారుడు మెంఫిస్‌లో రెండు శవయాత్రలు చూస్తాడు. ఒక ధనవంతుణ్ని ఏడుపులతో, ఘనంగా తీసుకెళుతుంటారు. ఒక పేదవాణ్ని చాపలో చుట్టి, వెంట ఎవరూ లేకుండా తీసుకెళుతుంటారు. ఆ ధనవంతుడి గతి ఎంత బాగుందో అంటాడు సెత్నే. పక్కనున్న కొడుకు సిఒసైర్, నీకు ఈ పేదవాడి గతే పట్టాలని కోరుకుంటున్నాను అంటాడు. తండ్రి నొచ్చుకుంటాడు. కొడుకు అతణ్ని పాతాళంలోకి తీసుకెళ్లి చూపిస్తాడు. అక్కడ ఒసైరిస్ దగ్గర రాజవస్త్రాలు కట్టుకుని నిలబడ్డవాడు ఆ పేదవాడే. ధనవంతుడి శవం మీద ఉన్న సొగసంతా తీసి అతనికి ఇచ్చేశారు. ఆ ధనవంతుడి కంటిలో మాత్రం మందిరం తలుపు ఇరుసు దిగి ఉంది, తలుపు తెరిచినప్పుడూ మూసినప్పుడూ అది తిరుగుతుంటే అతను అరుస్తుంటాడు.

ఈ కథలో తూకం పద్ధతి కూడా మారిపోయింది. ఈక ఊసు లేదు, మంచి పనులనూ చెడ్డ పనులనూ ఎదురెదురుగా తూస్తారు. చెడు ఎక్కువైతే అతణ్ని అమ్మిట్‌కి ఇచ్చేస్తారు, ఆత్మ, శరీరం రెండూ నాశనమై మళ్లీ ఊపిరి పీల్చడు. మంచి ఎక్కువైతే దేవతల సభలో చోటు. రెండూ సమానమైతే సొకర్ ఒసైరిస్‌ను సేవించే మంచి ఆత్మల్లో చేరతాడు. ఆనీ కాలంలో గెలుపుగా ఉన్న సమతూకం, పన్నెండు వందల ఏళ్లకు పైగా గడిచాక మధ్యస్థపు ఫలితం అయింది. మీరు చూసిన వీడియోల్లో పాపపుణ్యాల లెక్కలా వినిపించేది ఈ చివరి కాలపు రూపానికి దగ్గరగా ఉంటుంది, పక్కన చూపించే బొమ్మ మాత్రం ఆనీది. ఆ బొమ్మ ఈసారి కనిపించినప్పుడు ఆపి, పెద్దది చేసి, పళ్లేల మట్టాన్నీ అనుబిస్ చెయ్యి ఎక్కడుందో దాన్నీ చూడండి. షాయ్ పైన ఆ ఇటుక కూడా కనిపిస్తుంది.